రంతిదేవుడి మంచినీళ్లు: అయిదు నిమిషాల రేడియో ప్రసంగం

మా కందుకూరు వైపు పొద్దున్నే రేడియో తిప్పితే విజయవాడ స్టేషన్ ఖంగుమని పలికేది. నెల్లూరు దాటి కిందికి పోయేకొద్దీ మద్రాసు బాగా అందేది. ఉదయగిరి వైపు చుట్టాలు కడప పెట్టుకునేవాళ్లు. మా ఇంట్లో మాత్రం విజయవాడే. భక్తిరంజని వస్తుంటే మా పెద్దమ్మ వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లేది. పెదనాన్న పెరట్లో బావి దగ్గర నిలబడి వేపపుల్ల నములుతూ వినేవారు. పాటలయ్యాక కొన్ని రోజుల్లో చిన్న భక్తి ప్రసంగం ఒకటి ఉండేది. ఒక కథ, ఒక పద్యమో శ్లోకమో, చివర నాలుగు మంచి మాటలు. అయిదు నిమిషాల్లో అయిపోయేది. ఆ అయిదు నిమిషాలు ఎట్టా రాయాలో నాకు నేర్పింది పెదనాన్నే.

ఆయన హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యారు. అరవైల నుంచి విజయవాడ వెళ్లి ప్రసంగాలు ఇచ్చి వచ్చేవారు. ఇంట్లో రేడియో వింటున్నప్పుడు ఆయన చూపు రేడియో మీద ఉండేది కాదు, పెద్దమ్మ చేతిలోని చీపురు మీద ఉండేది. ప్రసంగం మొదలయ్యాక చీపురు చప్పుడు ఆగిందంటే కథ పట్టుకుందని లెక్క. మళ్లీ మొదలైందంటే ప్రసంగం ఎక్కడో జారిపోయిందని. "ఇక్కడ పోయింది చూడు," అని వెంటనే చెప్పేవారు. గమనిస్తే, చీపురు మళ్లీ మొదలయ్యేది దాదాపు ఎప్పుడూ రెండే చోట్ల. కథ మధ్యలో వక్త వంశవృక్షం చెప్పడం మొదలుపెట్టినప్పుడు ఒకటి, పద్యానికి ప్రతిపదార్థం చెప్పడం మొదలుపెట్టినప్పుడు ఒకటి.

"పుస్తకం చదివేవాడికి అర్థం కాకపోతే పేజీ వెనక్కి తిప్పుకుంటాడమ్మా. మీ పెద్దమ్మ యాడికి తిప్పుకుంటది?" అనేవారు. నాకు తెలిసిన రేడియో పాఠాలన్నీ ఈ ఒక్క మాటలోంచి వచ్చినవే.

1988 వేసవికి ముందు నాకు స్టేషన్ నుంచి కాంట్రాక్టు కాగితం వచ్చింది. అప్పటికి నేను కందుకూరు దగ్గర పల్లెలో తెలుగు టీచర్ని. అయిదు నిమిషాల భక్తి ప్రసంగం, రికార్డింగు ఏప్రిల్లో, ప్రసారం మే నెలాఖర్లో. స్క్రిప్టు ముందే పంపాలి. ఆ కాగితం పట్టుకుని సాయంత్రం పెదనాన్న దగ్గరికి వెళ్లాను. ఆయన ముందు తేదీలు చూశారు.

"రికార్డింగుకీ ప్రసారానికీ నెల పైనే ఉంది. కాబట్టి 'ఈ రోజు ఎండ మండిపోతోంది' అని మాత్రం రాయబాకు. ఆ రోజు వాన పడిందనుకో, నీ మాట అబద్ధమవుద్ది. ఆ తర్వాత నువ్వు చెప్పే దేవుడి మాట కూడా ఎవరూ నమ్మరు."

అట్టాగే 'ఈ పండుగ నాడు', 'నిన్న ఏకాదశి' లాంటివి కూడా వద్దన్నారు. ప్రసారం తేదీ మారవచ్చు, అదే టేపు మరుసటేడు మళ్లీ వేయవచ్చు. 'ఎండాకాలంలో' అంటే ఎప్పుడైనా సరిపోతుంది.

ఇక కథ. నాకు ముందు తోచింది గజేంద్రమోక్షం. పోతన పద్యాలు నోటికి వచ్చు, జనానికీ వచ్చు. పెదనాన్న ఒప్పుకోలేదు. అందరికీ తెలిసిన కథ చెబితే వినేవాళ్లు మనకన్నా ముందు పరిగెత్తుతారు, ఏనుగు మడుగులో దిగకముందే విష్ణువు వచ్చేస్తాడని వాళ్లకు తెలుసు, ఇక మన మాట మీద ధ్యాస ఎందుకుంటుంది అన్నారు. పైగా ఆ ఘట్టంలో గొప్ప పద్యాలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఒకటి చెప్పి తక్కినవి వదలాలంటే మన ప్రాణమే ఒప్పుకోదు. అయిదు నిమిషాల్లో ఒక్క పద్యానికే చోటు. రెండు పెడితే రెండూ నిలవవు.

ఆయన బీరువాలోంచి భాగవతం తీసి నవమ స్కంధంలో రంతిదేవుడి కథ దగ్గర పెట్టి నా ముందుకు జరిపారు. "కథలో మనిషే కథ మధ్యలో పద్యం పలకాలి. అప్పుడు నువ్వు 'ఈ సందర్భంలో పోతనగారు ఏమన్నారంటే' అని పీఠం వేయాల్సిన పని లేదు. రంతిదేవుడు నోరు తెరిచేసరికి పద్యం వస్తది," అన్నారు.

పద్యం ఇది:

అన్నము లేదు కొన్ని మధురాంబువు లున్నవి త్రావుమన్న! రా
వన్న! శరీరధారులకు నాపద వచ్చిన వారి యాపదల్
గ్రన్నన మాన్చి వారికి సుఖంబులు సేయుటకన్న నొండు మే
లున్నదె? నాకు దిక్కు పురుషోత్తముఁ డొక్కఁడ సుమ్ము పుల్కసా!

కథ తెలియనివాళ్ల కోసం చెబుతాను. రంతిదేవుడు రాజు. ఉన్నదంతా అడిగినవాళ్లకు పెట్టి, భార్యాబిడ్డలతో 48 రోజులు తిండీ నీళ్లూ లేకుండా ఉన్నాడు. 49వ రోజు పొద్దున నెయ్యి, పాయసం, నీళ్లు దొరికాయి. తినబోయే వేళకు ఒక బ్రాహ్మణుడు వచ్చాడు, భాగం పెట్టాడు. తర్వాత ఒక శూద్రుడు, అతనికీ పెట్టాడు. తర్వాత కుక్కల్ని వెంటబెట్టుకుని ఒకడు వచ్చాడు, మిగిలిన అన్నమంతా అతనికీ ఆ కుక్కలకీ పెట్టేశాడు. ఇక మిగిలినవి ఒక్కరికి చాలే నీళ్లు. అవి నోటి దగ్గర పెట్టుకునే సమయానికి, ఊరు దూరంగా ఉంచిన కులానికి చెందిన మనిషి దాహమంటూ వచ్చాడు. అతణ్ణి పిలిచి రంతిదేవుడు చెప్పిన మాటే ఈ పద్యం.

పెదనాన్న పద్ధతిలో ప్రసంగం పైనుంచి కిందికి రాయకూడదు. పద్యం ముందు ఒక కాగితం మీద రాసి నడిమిట్లో పెట్టాలి. ఆ పద్యంలో వినేవాళ్లకు చెవికి ఆనని మాటలు ఏవో చూసుకోవాలి. ఇందులో మొదటి పాదం ఎవరికైనా అర్థమవుతుంది. అన్నం లేదు, మంచినీళ్లు కొన్ని ఉన్నాయి, తాగు, రా అన్నా. అడ్డుపడేది మూడో పాదం. 'గ్రన్నన', 'నొండు మేలు' అనేవి వాకిలి ఊడ్చే మనిషికి పట్టుబడవు. వాటికి అర్థం పద్యం తర్వాత చెప్పకూడదని ఆయన గట్టి నియమం. పద్యానికి ముందే, కథలో కలిపేసి, అర్థం చెబుతున్నట్టు తెలియకుండా చెప్పెయ్యాలి. అందుకని పద్యానికి ముందు ఈ వాక్యాలు పెట్టాం:

"రంతిదేవుడు చేతిలో నీళ్ల పాత్ర పట్టుకుని ఆ వచ్చిన మనిషిని చూశాడు. ఎదుటివాడు ఆపదలో ఉన్నాడు. ఆ ఆపద చప్పున తీర్చడం కన్నా తనకు కావలసిన మేలు ఇంకేముంది? దగ్గరికి పిలిచాడు."

ఈ మూడు నాలుగు వాక్యాలు విన్న చెవికి పద్యం వచ్చేసరికి అంతా తెలిసిన మాటలాగే ఉంటుంది. క్లాసులో ముందు పద్యం చదివి తర్వాత అర్థం చెబుతాం. రేడియోలో అది తలకిందులు చేయాలి. బోర్డూ లేదు, పుస్తకమూ లేదు, 'అర్థమైందా' అని అడగడానికి ఎదురుగా ముఖమూ లేదు.

తర్వాత పద్యాన్ని ఊపిరి ప్రకారం విరిచి రాయడం. ఈ పద్యంలో పాదం చివర ఆగితే మాట విరిగిపోతుంది. మొదటి పాదం 'రా' దగ్గర అయిపోతుంది, 'వన్న' రెండో పాదంలో పడుతుంది. 'మే' ఒకచోట, 'లున్నదె' ఒకచోట. ఛందస్సు నేర్చినవాళ్లకు పాదం చివర ఆగడం అలవాటు. రేడియోలో అట్టా ఆగితే వినేవాళ్లకు 'మే' ఏమిటో, 'లున్నదె' ఏమిటో తెలియదు. అందుకని పెదనాన్న స్క్రిప్టులో పద్యాన్ని పద్యంలా రాయనివ్వలేదు. ఇట్టా రాయించారు:

అన్నము లేదు
కొన్ని మధురాంబువులున్నవి
త్రావుమన్న, రావన్న!
శరీరధారులకు నాపద వచ్చిన
వారి యాపదల్ గ్రన్నన మాన్చి
వారికి సుఖంబులు సేయుటకన్న
నొండు మేలున్నదె?
నాకు దిక్కు పురుషోత్తముడొక్కడ సుమ్ము, పుల్కసా!

ఒక్కో వరసకు ఒక్కో ఊపిరి. 'రావన్న' తర్వాత కొంచెం ఎక్కువ ఆగాలి, 'మేలున్నదె' తర్వాత ఇంకొంచెం. 'త్రావుమన్న, రావన్న' అన్నచోట పద్యం చదువుతున్నట్టు కాకుండా గుమ్మం అవతల ఉన్న మనిషిని పిలుస్తున్నట్టు గొంతు రావాలి. ఉత్పలమాలకు 80 అక్షరాలు. ఇట్టా ఆగుతూ చదివితే అర నిమిషం పడుతుంది. రాగం తీస్తే నిమిషం పైనే. నాటకాల పద్యాలంటే మా జిల్లాలో అందరికీ ప్రాణమే, పెదనాన్నకూ ప్రాణమే, కానీ ప్రసంగంలో రాగం వద్దనేవారు. ఆకలితో ఉన్న మనిషి మిగిలిన గుక్కెడు నీళ్లు ఇస్తూ ఆలాపన చేయడు కదా అనేవారు. వచనంలా పొడిగా కూడా చదవకూడదు. పద్యం నడక వినబడాలి, అంతవరకే. నాకు ఇప్పటికీ ఆయన మాటే సరైందనిపిస్తుంది.

ఆ తర్వాత కథ. ప్రసంగం మొత్తం 450 మాటలకు మించొద్దని లెక్క పెట్టుకున్నాం. నిదానంగా తెలుగు చదివితే నిమిషానికి 90 నుంచి 100 మాటలు వస్తాయి. తెలుగు మాటలు పొడుగు కాబట్టి వార్తల వేగంతో పోల్చుకోకూడదు. అందులో పద్యం, దాని ముందు వాక్యాలు కలిపి నిమిషం. ముగింపు ముప్పావు నిమిషం. మొదలు అర నిమిషం. కథకు మిగిలేది దాదాపు రెండున్నర నిమిషాలు.

కథలో పేరు ఒక్కటే ఉంచాం, రంతిదేవుడు. ఆయన తండ్రి ఎవరు, పూరు వంశంలో ఎన్నో తరం, భాగవతంలో ఇవన్నీ ఉన్నాయి, ప్రసంగంలోకి రానివ్వలేదు. అలాగే 'ఆయన', 'అతడు' అని రాసినచోటల్లా మళ్లీ రంతిదేవుడు అని మార్చాం. కాగితం మీద ఒకే పేరు పదిసార్లు వస్తే విసుగ్గా కనిపిస్తుంది. వినడానికి విసుగుండదు. అతిథులు నలుగురు వచ్చే కథలో 'అతడు నవ్వాడు' అంటే ఎవరు నవ్వారో వినేవాళ్లకు తెలియదు.

నలుగురు అతిథుల్ని సమానంగా చెప్పకూడదన్నది ఆయన చూపించిన ఇంకో సూక్ష్మం. మొదటి అతిథికి నాలుగైదు వాక్యాలు. తినబోవడం, గుమ్మంలో మనిషి కనిపించడం, లేచి ఎదురెళ్లడం, భాగం పెట్టడం అన్నీ చెప్పాలి. రెండో అతిథికి రెండు వాక్యాలు. మూడోసారికి ఒకే వాక్యం: "మిగిలింది సర్దుకుని కూర్చునేసరికి ఇంకొకడు వచ్చాడు, వెంట కుక్కలతో, ఆ కుక్కలకు కూడా పెట్టాడు రంతిదేవుడు." ఇట్టా తగ్గించుకుంటూ వస్తే వినేవాళ్లకు ఊపు తెలుస్తుంది, మళ్లీ ఎవరో వస్తారని ఎదురుచూస్తారు. అప్పుడు నాలుగో మనిషి దగ్గర నడక ఒక్కసారి నెమ్మదించాలి. పాత్రలో నీళ్లు ఎన్ని ఉన్నాయో చెప్పాలి. భార్యాబిడ్డలు చూస్తున్నారని చెప్పాలి. దాహంతో వచ్చిన మనిషి గొంతు ఎలా ఉందో చెప్పాలి. నలుగురికీ సమానంగా నాలుగేసి వాక్యాలు రాస్తే మూడో మనిషి దగ్గరే పెద్దమ్మ చీపురు అందుకుంటుంది.

మొదటి అర నిమిషం గురించి పెద్దగా తర్జనభర్జన పడలేదు. అప్పట్లో కందుకూరు బస్టాండు దగ్గర ఒక వ్యాపారి ప్రతి ఎండాకాలం చలివేంద్రం పెట్టేవారు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, మా మెట్ట ప్రాంతంలో ఆ రోజుల్లో ఆ కుండలు ఎంతమంది ప్రాణం నిలబెట్టాయో చూసినవాళ్లకు తెలుసు. అక్కడే మొదలుపెట్టాం:

"శ్రోతలకు నమస్కారం. ఎండాకాలంలో మన ఊళ్లల్లో చలివేంద్రం పెడతారు. తాటాకు పందిరి, కింద ఇసుకలో కుదురుగా కూర్చోబెట్టిన కుండలు, వాటికి చుట్టిన తడిగుడ్డ. నీళ్లు పోసే మనిషి మన పేరు అడగడు. దోసిలి పట్టు అంటాడు. అట్లా పేరు అడగకుండా నీళ్లు పోసిన ఒక రాజు కథ భాగవతంలో ఉంది."

నేను ఆ వ్యాపారి పేరు కూడా రాద్దామనుకున్నాను, మంచి పని కదా అని. పెదనాన్న వద్దన్నారు. ప్రసంగంలో దాత పేరో దుకాణం పేరో వస్తే అది ప్రకటన కింద లెక్క, స్టేషన్‌లో కొట్టేస్తారు. గుళ్ల విషయంలోనూ అంతే. మాలకొండ నరసింహస్వామి గుడి శనివారం మాత్రమే తెరుస్తారని ఒక కథలో చెప్పొచ్చు, ఫలానా సత్రానికి విరాళాలు పంపండి అనకూడదు. ఇంకో మతాన్ని గానీ, ఒక కులాన్ని గానీ తక్కువ చేసే మాట ఎక్కడా దొర్లకూడదు. ఈ కథలో అది మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. నాలుగో అతిథి కులం పేరు 'పుల్కస' అని పద్యంలో ఉంది, పోతన పద్యం కాబట్టి మార్చం. మన వచనంలో మాత్రం "లోకం దూరంగా ఉంచిన మనిషి" అనే రాశాం. దూరంగా ఉంచింది లోకమని తేటగా చెబితేనే రంతిదేవుడు అతణ్ణి 'అన్నా' అని పిలవడంలో ఉన్న పెద్దరికం వినబడుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ సేపు పట్టింది ముగింపు. ఇది నేను తీరిగ్గా చెప్పాలి. ఎందుకంటే ఇప్పటికీ నేను వినే ప్రసంగాల్లో ఎక్కువ భాగం ఇక్కడే చెడిపోతున్నాయి.

భాగవతంలో కథ చివర ఆ వచ్చిన అతిథులు దేవతలని తెలుస్తుంది. రంతిదేవుణ్ణి పరీక్షించడానికి మాయారూపాల్లో వచ్చారు. నిజరూపాలు చూపించారు. చాలామంది ఇక్కడ గొంతు పెంచి "చూశారా, దానం చేస్తే దేవుడు ప్రత్యక్షమవుతాడు" అని ముగిస్తారు. పెదనాన్నకు ఇది ఏమాత్రం నచ్చేది కాదు. "అట్టా ముగిస్తే నీళ్లిచ్చింది దేవుడి కోసమని అవుద్ది. ఆయన ఇచ్చింది దాహమైనవాడికి కదమ్మా," అన్నారు. తర్వాత పుస్తకంలో వేలు పెట్టి చూపించారు. దేవతలు కనిపించినప్పుడు రంతిదేవుడు వాళ్లను ఏమీ కోరలేదు. నమస్కరించాడు, మనసు విష్ణువు మీద నిలిపాడు, అంతే. ఈ చిన్న సంగతిని చాలామంది వదిలేస్తారు. నిజానికి కథ దిగాల్సిన మెట్టు అదే. పద్యంలో 'నాకు దిక్కు పురుషోత్తముడొక్కడ' అన్నవాడు తర్వాత వరాలు అడిగితే పద్యం అబద్ధమవుతుంది.

రెండో రకం ముగింపు, "కాబట్టి మనమందరం రంతిదేవుణ్ణి ఆదర్శంగా తీసుకుని..." అని మొదలయ్యేది. దీనితో చిక్కేమిటంటే 48 రోజులు పస్తుండి ఉన్నది ఇచ్చెయ్యడం ఎవరి వల్లా కాదు. చేయలేని పని చేయమంటే వినేవాళ్లు తల ఊపి రేడియో కట్టేస్తారు. చెప్పేది ఏదైనా వాళ్ల చేతికి అందేంత చిన్నదిగా ఉండాలి. ఆజ్ఞలా ఉండకూడదు. 'చేయాలి', 'చేద్దాం', 'ప్రతిజ్ఞ చేద్దాం' అన్న క్రియలన్నీ చివరి పేరాలోంచి తీసేయించారు. వాక్యాలు పొట్టిగా, ఒకదాని తర్వాత ఒకటి నెమ్మదిగా దిగాలి. చివరికి మిగిలింది ఇది:

"ఆ నీళ్లు కూడా పోసేశాడు రంతిదేవుడు. అప్పుడు వచ్చినవాళ్లు తమ నిజరూపాలు చూపించారు. వాళ్లు దేవతలు. రంతిదేవుడు వాళ్లకు నమస్కారం పెట్టాడు. ఏమీ అడగలేదు. ఎండాకాలంలో మన గుమ్మం దగ్గర ఎవరో ఒకరు ఆగి, మంచినీళ్లు కావాలంటారు. చెంబు అందిస్తాం. ఆ అందించే వేళ రంతిదేవుడు ఒక్కసారి గుర్తొస్తే చాలు. నమస్కారం."

పేరు మళ్లీ చివర్లో రావడం కూడా కావాలనే. సగంలో రేడియో పెట్టినవాళ్లకు ఎవరి కథ విన్నారో తెలియాలి.

రాయడం అయ్యాక కాగితాల పని. తెల్ల కాగితం ఒకవైపే రాయాలి, పెద్ద అక్షరాలతో, వరసకీ వరసకీ మధ్య చోటు వదిలి. ఒక వాక్యం ఈ పేజీలో మొదలై ఆ పేజీలో ముగియకూడదు, పేజీ మారే లోపల గొంతు తడబడుతుంది. అంకెలు అక్షరాల్లో రాయాలి, 'నలభై ఎనిమిది' అని. పిన్ను కొట్టకూడదు. పేజీ మూల కొంచెం పైకి మడిచి పెట్టుకుంటే చప్పుడు లేకుండా ఎత్తి పక్కన పెట్టొచ్చు. తిప్పితే ఆ గరగర టేపులో పెద్దగా వినిపిస్తుంది.

మధ్యలో రెండు వాక్యాల పక్కన పెదనాన్న పెన్సిలుతో గీత పెట్టారు. టైము మించితే అవి వదిలెయ్యాలి. రెండూ కథ మొదటి భాగంలోవే. ముందే ఇట్టా చూసి పెట్టుకోకపోతే చివర్లో టైము చాలక ముగింపు వేగంగా చదివేస్తాం. మెల్లగా దిగాల్సిన మాటలే పరుగెత్తుతాయి. ఎవరి ప్రసంగమైనా చివరి పేరా హడావిడిగా వినబడిందంటే కథ ఎక్కువైందని తెలుసుకోవచ్చు.

సెకన్ల ముల్లున్న వాచీ ముందు పెట్టి ఆయన కూర్చుంటే నేను చదివాను. పావుతక్కువ అయిదు నిమిషాల దగ్గర తేలింది. "అది చాలు. అక్కడికి పోయాక టెన్షన్‌లో కొంచెం తొందరొస్తది. తక్కువైతే వాళ్లు ఏదో వాద్య సంగీతం వేసుకుంటారు. ఎక్కువైతేనే కష్టం," అన్నారు.

రికార్డింగు రోజు సింగరాయకొండలో రైలెక్కి విజయవాడ వెళ్లాను. బందరు రోడ్డులో ఆకాశవాణి. పెదనాన్నకు ఆరోగ్యం బాగాలేక రాలేదు. స్టూడియోలో తలుపు వెనక ఇంకో తలుపు, రెండూ మూసుకున్నాక చెవులు దిబ్బడేసినట్టయింది. గుడ్డ పరిచిన బల్ల, మైకు, గాజు అద్దం అవతల ప్రొడ్యూసరుగారు. మైకుకు జానెడు దూరంలో కూర్చోమన్నారు. లెవెల్ చూడ్డానికి మొదటి నాలుగు వాక్యాలు చదివించారు. 'పురుషోత్తముడు' అన్నప్పుడు ప కారం మైకులో టప్పున కొడుతోందని, ముఖం ఒక రవ్వ పక్కకు తిప్పి చదవమన్నారు. పద్యం చదివేటప్పుడు ఈ ప, బ, భ అక్షరాల సంగతి చూసుకోవాలని అప్పుడే తెలిసింది.

ఎర్ర లైటు వెలిగింది. పద్యం దగ్గరికి వచ్చేసరికి నాకు పెదనాన్న చెప్పిన 'గుమ్మం అవతలి మనిషి' గుర్తొచ్చి, అద్దం అవతల ఉన్న ప్రొడ్యూసరుగారినే చూస్తూ 'త్రావుమన్న, రావన్న' అన్నాను. ఆయన చేతిలో పెన్ను ఆగింది. అయ్యాక లోపలికి వచ్చి, "పద్యం తర్వాత అర్థం చెప్పలేదేంటమ్మా, బాగుంది," అన్నారు. పెన్సిలు గీత పెట్టిన వాక్యాలు వదిలే అవసరం రాలేదు.

మే నెలాఖర్లో ప్రసారమైన పొద్దున పెదనాన్న బావి దగ్గర నిలబడలేదు. లోపల మంచం మీద కూర్చుని వాకిలి కనబడేలా తలుపు తీయించుకున్నారు. పెద్దమ్మ చీపురు రెండో అతిథి దగ్గర ఒకసారి కదిలింది. ఆ సంగతి ఆయన ఆ మధ్యాహ్నం నాకు చెప్పారు, రెండో అతిథి వాక్యాల్లో 'భాగం పెట్టాడు' అన్నది మొదటి అతిథి దగ్గర అన్నట్టే ఉందనీ, కొత్తగా ఏదో ఒక్క వస్తువు చూపించాల్సిందనీ. మూడో అతిథి దగ్గర కుక్కలు ఉన్నాయి కాబట్టి చీపురు ఆగిందట.

కొన్నాళ్లకు ఉత్తరాలు వచ్చాయి. నెల్లూరు నుంచి వచ్చిన ఒక కార్డు పెదనాన్నకు బాగా నచ్చింది. ప్రసంగం బాగుందని రాస్తూనే, పోతన సరే, మన తిక్కన, మన ఎఱ్ఱన ఎందుకు పనికిరాలేదని నిలదీశారు ఎవరో. మా పక్కనున్న గుడ్లూరు ఎఱ్ఱన ఊరని మా వైపు గర్వంగా చెప్పుకుంటారు కాబట్టి ఆ ప్రశ్న మాకూ తగిలింది. పెదనాన్న ఆ రాత్రే భారతం తీయించారు. అరణ్యపర్వం చివర యక్షప్రశ్నలు, నన్నయ వదిలిన భాగాన్ని ఎఱ్ఱన పూర్తి చేశాడు కాబట్టి అవి ఎఱ్ఱన రాసినవే. అందులోనూ దాహమే, నీళ్లే. మడుగు ఒడ్డున నలుగురు తమ్ముళ్లు పడిపోయి ఉన్నారు.

అయితే చిక్కొకటి ఉంది. యక్షుడి ప్రశ్నలు వరసగా బోలెడు, జవాబులు బోలెడు. రేడియోలో ఒకే గొంతు ప్రశ్నా జవాబూ చదువుకుంటూ పోతే ఎవరు ఏది అన్నారో తెలియదు, ఏ పద్యం తీసుకున్నా దాని పక్కది పిలుస్తుంది. ఆయన చాలాసేపు పేజీలు తిప్పారు. చివరికి, "ప్రశ్నలన్నీ వదిలేద్దాం పాపా. ఒక్క తమ్ముణ్ణి బతికిస్తా, ఎవరు కావాలో చెప్పు అంటాడు చూడు యక్షుడు, అక్కడ మొదలుపెడదాం. భీముడా అర్జునుడా అని వినేవాళ్లు ఎంచుకుంటా ఉంటారు. ధర్మరాజు నకులుడంటాడు," అన్నారు. కాగితం నడిమిట్లో పద్యం కోసం చోటు వదిలి, ఆ పక్కన నకులుడు అని రాసుకున్నాను.